చిల్లర్ ప్లాంటు చేతికొచ్చే ముందు సిబ్బందికి శిక్షణ ఎలా ఇవ్వాలి

హ్యాండోవర్ రోజున కాంట్రాక్టర్ మనుషులు ప్రొజెక్టర్ పట్టుకొచ్చి రెండు గంటలు స్లైడ్లు చూపిస్తారు. టీ అవుతుంది, హాజరు కాగితం మీద అందరూ సంతకాలు పెడతారు, "ట్రైనింగ్ పూర్తయింది" అని ఫైల్లో చేరుతుంది. మర్నాటి నుంచి భవనమంతటి ఏసీకి నీళ్లు చల్లబరిచే ఆ ప్లాంటు మీది. మూడో వారంలో ఓ రాత్రి చిల్లర్ ట్రిప్పవుతుంది. షిఫ్టులో ఉన్న మనిషి రీసెట్ నొక్కుతాడు. మళ్లీ ట్రిప్పవుతుంది, మళ్లీ నొక్కుతాడు. అతనికి నేర్పింది అదొక్కటే మరి.

ఈ పరిస్థితి రాకుండా ఏం చేయాలో ఇక్కడ వరసగా చూద్దాం. ఉదాహరణకి ఒడిశాలో గంజాం జిల్లా బరంపురంలో ఐదంతస్తుల ఆసుపత్రి ఒకటి ఉందనుకోండి. వెనక ప్లాంట్ రూములో 120 టన్నుల వాటర్ కూల్డ్ స్క్రూ చిల్లర్లు రెండు ఉన్నాయి, ఒకటి నడుస్తుంటే ఒకటి స్టాండ్‌బై. చిల్డ్ వాటర్ పంపులు మూడు, కండెన్సర్ పంపులు మూడు. టెర్రస్ మీద కూలింగ్ టవర్లు రెండు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఒకటి. ఫైర్ పంపులకీ, డీజీ అనే డీజిల్ జనరేటర్‌కీ, మురుగునీళ్లు శుద్ధిచేసే ఎస్టీపీకీ వేరే ప్లాన్ ఉండాలి. అన్నీ ఒకే వారంలో కుక్కితే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ముందుగా కాగితం మీద తేల్చుకోవాల్సినవి

శిక్షణను హ్యాండోవర్ సర్టిఫికెట్‌కి కట్టేయండి. "హాజరు" అనే మాట కొట్టేసి, "ప్రతి ఆపరేటరూ చెక్‌షీట్ పాసయ్యాకే శిక్షణ పూర్తయినట్టు" అని రాయించండి. కాంట్రాక్టులో ఆ క్లాజు లేకపోతే కాంట్రాక్టర్ సరిచేయాల్సిన లోపాల స్నాగ్ లిస్టులో ఒక ఐటెంగా ఎక్కించండి. కారుతున్న గ్లాండ్ ఎలా పెండింగో శిక్షణ కూడా అలాగే పెండింగ్. చివరి బిల్లులో కొంత దీనికోసం ఆపగలిగితే మీ పని సగం తేలికవుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. ప్లాంటు డిసెంబర్‌లో చేతికొస్తే ఫుల్ లోడ్ ఎలా ఉంటుందో ఎవరూ చూడరు. చిల్లర్ సగం లోడ్ మీద హాయిగా నడుస్తుంది, రీడింగులన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే ఏప్రిల్, మే నెలల్లో కాంట్రాక్టర్ ఇంజినీరు ఒకరోజు మళ్లీ వచ్చి ఫుల్ లోడ్ దగ్గర రీడింగులు తీసి, ఆపరేటర్లకి చూపించి వెళ్లాలని ఇప్పుడే రాయించుకోండి. తర్వాత అడిగితే విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో రావడానికి కొటేషన్ పంపిస్తారు.

మనుషుల లెక్కకొస్తే, మూడు షిఫ్టులు, వారానికో సెలవు చూసుకుంటే నలుగురు ఆపరేటర్లు, నలుగురు హెల్పర్లు, ఒక సూపర్‌వైజరు. ప్లాంటు వదిలేసి అందరూ ఒకేసారి కూర్చోలేరు కాబట్టి ప్రతి సెషనూ రెండు బ్యాచ్‌లకి రెండుసార్లు జరగాలి. ఒక్కో సెషన్ గంటన్నర దాటనివ్వకండి. నైట్ షిఫ్టు దిగినవాణ్ణి తిన్నగా క్లాసులో కూర్చోబెట్టకండి, అతను కళ్లు తెరిచే నిద్రపోతాడు.

ఈ సరిహద్దు ఊళ్లలో భాష గొడవ ఒకటుంది. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంటుంది, వచ్చే ఇంజినీరు హిందీలో చెబుతాడు. మీ ఆపరేటర్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ, చదువు ఒడియా మీడియంలో సాగడం వల్ల తెలుగు అక్షరాలు గబగబా చదవలేరు. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్లకి తెలుగు వస్తుంది, ఒడియా అక్షరాలు రావు. కనుక క్లాసులో మాట తెలుగులో సాగనివ్వండి, గోడమీద అంటించే స్టార్టింగ్ షీటు మాత్రం రెండు లిపుల్లోనూ రాయించండి. వాల్వుల పేర్లు ఏ భాషలోనూ వద్దు, నంబర్లు చాలు. "సీహెచ్ 14 మూసేయ్" అంటే రెండు భాషలవాళ్లకీ ఒకటే అర్థం.

ఆ నంబర్ల ఇత్తడి ట్యాగులు మొదటి సెషన్‌కి ముందే వాల్వులకి వేలాడుతుండాలి. ట్యాగులు లేని ప్లాంటులో శిక్షణ మొదలుపెట్టనివ్వకండి. "ఆ మూల ఎర్ర చక్రం" అని నేర్చుకున్నవాడు పెయింట్ మారిన రోజున తప్పు వాల్వు తిప్పుతాడు.

మొదటి సెషన్: పైపు వెంట నడక

కుర్చీలు వేయకండి. బ్యాచ్‌ని చిల్లర్ దగ్గర నిలబెట్టి, చల్లటి నీళ్లు బయటికి వచ్చే పైపు మీద చెయ్యి వేయించండి. అక్కణ్ణుంచి అందరూ ఆ పైపు వెంటే నడవాలి. షాఫ్టులోకి, ఒక అంతస్తులో గాలిని చల్లబరిచే ఏహెచ్‌యూకి, దాని కాయిల్ గుండా రిటర్న్ లైనులోకి, టెర్రస్ మీద ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కలిసే చోటు చూసి, మళ్లీ కిందికి పంపు సక్షన్ దాకా. తర్వాత కండెన్సర్ నీళ్ల దారి ఇలాగే టవర్ దాకా. దారిలో కనపడిన ప్రతి వాల్వు నంబరూ ఆపరేటరే రాసుకోవాలి.

చివర్లో తెల్లకాగితం ఇచ్చి, చూడకుండా గీత గీయమనండి. బొమ్మ అందంగా రానక్కర్లేదు. చిల్లర్, పంపు, నీళ్లలో చెత్త పట్టే స్ట్రైనర్, ఏహెచ్‌యూ, ట్యాంకు సరైన వరసలో ఉంటే చాలు. స్ట్రైనర్ పంపుకి ముందుందో వెనకుందో తెలియనివాడు ఇంకోసారి నడవాలి. కాంట్రాక్టర్ ఇచ్చిన యాజ్ బిల్ట్ డ్రాయింగుకీ నిజంగా ఉన్న పైపుకీ తేడాలు బయటపడేది కూడా ఈ నడకలోనే. అవి అక్కడికక్కడే స్నాగ్ లిస్టులోకి ఎక్కించండి.

రెండో సెషన్: తాళం, ట్యాగు

ఇది చిన్నదే, కానీ ఇది పాసవ్వనివాణ్ణి తర్వాతి సెషన్లకి రానివ్వకండి. ఒక పంపుని పూర్తిగా విడదీసి సురక్షితం చేయడం నేర్పాలి. ఐసోలేటర్ ఆఫ్, దానికి తన తాళం, తాళం చెవి తన జేబులో, తన పేరున్న ఎర్ర ట్యాగు. తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి పంపు తిరగదని చూసుకోవాలి. ఇద్దరు పనిచేస్తుంటే రెండు తాళాలు. నీళ్ల వైపు సక్షన్, డిశ్చార్జ్ వాల్వులు రెండూ మూసి, డ్రెయిన్ తెరిచి, గేజు సున్నాకి దిగేదాకా ఆగాలి. టెర్రస్ మీది ట్యాంకు బరువంతా కింద పైపులో 2 బార్‌కి పైగా ఉంటుంది. గేజు చూడకుండా స్ట్రైనర్ మూత బోల్టులు విప్పితే మూత మొహానికి తగులుతుంది.

మూడో సెషన్: నడపడం, ఆపడం

స్టార్టింగులో అన్నింటికంటే ముందు చూడాల్సింది ఆయిల్ హీటర్. దీనిమీద పదిహేను నిమిషాలైనా గడపండి. చిల్లర్ ఆగి ఉన్నప్పుడు హీటర్ నూనెని వెచ్చగా ఉంచుతుంది. వెచ్చదనం పోతే చిల్లర్‌లోని రిఫ్రిజెరంట్ గ్యాసు వచ్చి నూనెలో కలిసిపోతుంది. అప్పుడు స్టార్ట్ చేస్తే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి, పొంగిన పాలలా నూనె నురగ కట్టి బేరింగులకి అందదు. హీటర్ ఆరిపోవడానికి కారణం చాలాసార్లు చెడిపోవడం కాదు. "రాత్రి చిల్లర్ వాడటం లేదు కదా" అని కరెంటు పొదుపు కోసం ఎవరో మెయిన్ ఐసోలేటర్ దింపేస్తారు. కాబట్టి ఐసోలేటర్ పక్కన బోర్డు పెట్టించండి, సెక్యూరిటీ వాళ్లకీ చెప్పించండి. పవర్ పోయి చల్లబడిన చిల్లర్‌కి హీటర్ వేశాక ఎన్ని గంటలు ఆగాలో తయారీదారు మాన్యువల్లో ఉంటుంది. చాలా వాటిలో 24 గంటలని ఉంటుంది. ఆ అంకె ప్యానెల్ మీద పెద్దగా రాసి అంటించండి.

హీటర్ వెచ్చగా ఉందని చేత్తో తాకి, ప్యానెల్లో నూనె ఉష్ణోగ్రత చూసి రాశాక ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మట్టం, టవర్ బేసిన్ మట్టం చూడాలి. నడవబోయే చిల్లర్ వాల్వులు తెరిచి ఉన్నాయో, స్టాండ్‌బై చిల్లర్‌వి మూసి ఉన్నాయో చూడాలి. రెండో దాని వాల్వులు తెరిచే ఉంటే సగం నీళ్లు ఆగి ఉన్న చిల్లర్ గుండా ఊరికే పోయి, ఏహెచ్‌యూలకి వెళ్లే చల్లటి నీళ్లలో వెచ్చటివి కలిసిపోతాయి. చిల్లర్ 7 డిగ్రీలు చూపిస్తుంది, పై అంతస్తుల్లో మాత్రం చెమటలు పడుతుంటాయి.

తర్వాత చిల్డ్ వాటర్ పంపు, ప్రెషర్ తేడా వచ్చిందో లేదో చూసుకుని కండెన్సర్ పంపు, ఆపైన టవర్ ఫ్యాను, అన్నింటికీ చివర చిల్లర్. స్టార్ట్ నొక్కగానే కంప్రెసర్ తిరగకపోతే కంగారు పడి మళ్లీ మళ్లీ నొక్కకూడదు. లోపల టైమర్ లెక్కపెడుతుంటుంది, ప్యానెల్ మీద మిగిలిన నిమిషాలు కనిపిస్తాయి. ఆపేటప్పుడు వరస తిరగేయాలి. ముందు చిల్లర్‌ని ప్యానెల్ నుంచి ఆపి, అది మెల్లగా లోడ్ దించుకునేదాకా ఆగి, పంపులు ఇంకో 5 నుంచి 10 నిమిషాలు నడిపి అప్పుడు ఆపాలి. ఎమర్జెన్సీ బటన్‌తో రోజూ ఆపే అలవాటు మొదటి వారంలోనే మానిపించండి.

ప్రతి ఆపరేటరూ ఈ సెషన్లో ఒకసారి చూడాలి, ఒకసారి చెప్పించుకుంటూ చేయాలి, ఇంకో రోజు తనే చేయాలి. చిల్లర్‌ని గంటకి ఎన్నిసార్లు స్టార్ట్ చేయొచ్చన్న దానికి హద్దు ఉంది కాబట్టి ఒక పూటలో నలుగురి చేతా చేయించలేరు. దీనికోసం నాలుగు రోజులు పొద్దున పూట కేటాయించండి.

నాలుగో సెషన్: గేజు చదవడం

ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. లాగ్‌బుక్కులో గంట గంటకీ అంకెలు నింపడం ఎవరైనా చేస్తారు. ఆ అంకె ఏం చెబుతోందో తెలియాలి.

ముందు కమిషనింగ్ రోజున, నీళ్లు బ్యాలెన్స్ అయ్యాక తీసిన రీడింగులు కాంట్రాక్టర్ దగ్గర్నుంచి తీసుకుని లామినేట్ చేసి చిల్లర్ పక్కన వేలాడదీయండి. ఇవి లేకపోతే తర్వాత ఏ రీడింగునీ దేనితోనూ పోల్చలేరు. మన ఉదాహరణలో అవి ఇలా ఉన్నాయి. చిల్లర్‌లోకి వెళ్లే చిల్డ్ వాటర్ ప్రెషర్ 4.50 బార్, బయటికి వచ్చేది 3.90, తేడా 0.60. ఫ్లో సెకనుకు 18.2 లీటర్లు. పంపు సక్షన్ 2.10, డిశ్చార్జ్ 4.60. స్ట్రైనర్‌కి ముందు 2.15. పంపు మోటారు 12 ఆంపియర్లు. నీళ్లు 12.5 డిగ్రీల దగ్గర వచ్చి 7కి వెళ్తున్నాయి.

గేజుల విషయంలో ఒక కిటుకు. లోపలికీ బయటికీ రెండు వేరే గేజులుంటే ఒకటి 0.1 ఎక్కువా ఇంకోటి 0.1 తక్కువా చూపించొచ్చు, అప్పుడు తేడా అంతా అబద్ధం. ఎత్తులు వేరైతే మీటరుకి దాదాపు 0.1 బార్ దానికదే తేడా వస్తుంది. అందుకని ఒకే గేజుని రెండు సన్న గొట్టాలతో, రెండు కాక్‌లతో బిగించమని అడగండి. మొదటి కాక్ తెరిచి చదువు, మూసేయ్, రెండోది తెరిచి చదువు. గేజు తప్పు చూపించినా రెండుసార్లూ ఒకే తప్పు కనుక తేడా నిలుస్తుంది. ఖర్చు పెద్దగా ఉండదు, కాంట్రాక్టర్ హ్యాండోవర్ ముందైతే గొణగకుండా చేసిపెడతాడు.

ఇప్పుడు లెక్క. చిల్లర్ గుండా నీళ్ల ఫ్లో ప్రెషర్ తేడా వర్గమూలంతో మారుతుంది. ఆపరేటర్లకి వర్గమూలం అని చెప్పక్కర్లేదు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటుంది, గుర్తు చూపిస్తే చాలు.

```
కొత్త ఫ్లో = పాత ఫ్లో × √(కొత్త తేడా ÷ పాత తేడా)
టన్నులు = 4.19 × ఫ్లో (L/s) × డిగ్రీల తేడా ÷ 3.517
```

ఈ సెషన్లో బోర్డు మీద ఈ కేసు పెట్టండి. రెండు నెలలు గడిచాయి, అన్నింటికంటే పై అంతస్తు నుంచి "చల్లగా లేదు" అని ఫోన్లు. ఆపరేటరు చిల్లర్ ప్యానెల్ చూస్తే నీళ్లు 7 డిగ్రీలే వెళ్తున్నాయి, రిటర్న్ 13.2. డిగ్రీల తేడా 6.2. "ఇదివరకు 5.5, ఇప్పుడు 6.2, చిల్లర్ ఇంకా బాగా లాగుతోంది" అని లాగ్‌బుక్కులో రాసేస్తాడు. పాత ఫ్లోతో లెక్క కట్టమనండి. 4.19 ని 18.2 తో, 6.2 తో గుణించి 3.517 తో భాగిస్తే 134 టన్నులొస్తుంది. 120 టన్నుల యంత్రం ఇంత ఎక్కువ ఇస్తోందంటే నమ్మకూడదు, మనం వేసుకున్న ఫ్లో తప్పు.

అప్పుడు గేజు చదవాలి. చిల్లర్ లోపలికి 3.64, బయటికి 3.26. తేడా 0.38. దాన్ని 0.60 తో భాగించి వర్గమూలం తీస్తే దాదాపు 0.8. అంటే ఫ్లో సెకనుకు 14.5 లీటర్లకి పడింది, అయిదో వంతు నీళ్లు రావడం లేదు. ఆ ఫ్లోతో మళ్లీ లెక్కేస్తే 107 టన్నులు, ఇది నమ్మదగ్గ అంకె. పంపుకి దూరంగా ఉన్న ఏహెచ్‌యూకి ముందు నీళ్లు తగ్గుతాయి, అందుకే ఫోన్లు అక్కణ్ణుంచి వచ్చాయి.

నీళ్లు ఎందుకు తగ్గాయన్నది పంపు దగ్గర తేలుతుంది. సక్షన్ 0.95, డిశ్చార్జ్ 3.70, తేడా 2.75. మామూలుగా అది 2.50. మోటారు 11 ఆంపియర్లే తీసుకుంటోంది. ఇక్కడ ఆపరేటర్లు తడబడతారు, పంపు తేడా పెరిగింది కదా, బాగానే పనిచేస్తోంది అంటారు. దారి మూసుకుపోతే సెంట్రిఫ్యూగల్ పంపు నీళ్లు తక్కువ తోస్తుంది, ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, కరెంటు తక్కువ తాగుతుంది. ఈ మూడూ కలిసి కనపడితే అడ్డు ఎక్కడో ఉంది, పంపు మంచిదే. స్ట్రైనర్‌కి ముందు 2.15, తర్వాత 0.95. దొరికిపోయింది. కొత్త భవనంలో అందులో దొరికేది వెల్డింగ్ చిట్టెం, సిమెంటు పెళ్లలు, జనుము పీచు, ఒక్కోసారి ఫ్లషింగ్ కోసం పెట్టి తీయడం మరిచిన సన్న జాలీ.

దీనికి పక్కనే ఇంకో రోగం చూపించండి, లేకపోతే ప్రతిదానికీ స్ట్రైనర్ విప్పుతారు. పంపు తిరగబడి తిరిగినా కొంత నీళ్లు తోస్తుంది. అప్పుడూ చిల్లర్ తేడా పడిపోతుంది, కానీ పంపు తేడా కూడా బాగా పడిపోతుంది. బయట లైన్లో కేబుల్ మార్చాక ఫేజులు తారుమారైతే ఇలా జరుగుతుంది. చిల్లర్‌కి ఫేజ్ రిలే ఉంటుంది కాబట్టి అది మొరాయిస్తుంది, పంపులకి సాధారణంగా ఆ రిలే ఉండదు.

స్ట్రైనర్ శుభ్రం చేయడం రెండో సెషన్ పాఠానికి పరీక్ష కూడా. స్టాండ్‌బై పంపు ఎక్కించి, అది ప్రెషర్ పట్టాక పాత పంపు ఆపాలి. వరస తారుమారు చేస్తే ఫ్లో స్విచ్ చిల్లర్‌ని ట్రిప్ చేస్తుంది. ఆపిన పంపు షాఫ్టు నిలబడిపోయిందో లేదో చూడాలి. వెనక్కి తిరుగుతుంటే నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదు, అది వేరే స్నాగ్. ఆపైన తాళం, వాల్వులు, డ్రెయిన్, గేజు సున్నా, మూత. జాలీలో దొరికిన చెత్తని పారేయకుండా ఫోటో తీసి లాగ్‌బుక్కులో పెట్టించండి. పనిలో లోపాలకి బాధ్యత ఉండే డిఫెక్ట్ లయబిలిటీ గడువులో కాంట్రాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ ఫోటో పనికొస్తుంది.

కండెన్సర్ వైపు ఒక్క అంకె నేర్పితే చాలు. ప్యానెల్లో కనిపించే గ్యాస్ కండెన్సింగ్ ఉష్ణోగ్రతలోంచి కండెన్సర్ నుంచి బయటికొచ్చే నీళ్ల ఉష్ణోగ్రత తీసేయాలి. కొత్తగా 38.0, 36.5 ఉంటే తేడా 1.5. ఇంచుమించు అదే లోడ్ దగ్గర ఈ తేడా 4 కి చేరితే ట్యూబుల్లో పొర పట్టిందని అర్థం. లోడ్ చూడకుండా పోల్చకూడదు, తక్కువ లోడ్‌లో ఈ తేడా ఎలాగూ తగ్గుతుంది.

అయిదో సెషన్: టవర్, నీళ్లు

టెర్రస్ మీదే చేయండి. బేసిన్ ఫ్లోట్ వాల్వు, లవణాలు పేరుకున్న నీళ్లు బయటికి వదిలే బ్లీడ్ లైను, ఫ్యాను బెల్టు చూపించి, నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు చేతికివ్వండి. బోరు నీళ్లు 300 ఉంటే టవర్లో 900 దాటనివ్వకూడదన్నది మన ఉదాహరణలో హద్దు, అంటే మూడింతలు. మీ హద్దు నీళ్ల ట్రీట్‌మెంట్ వాళ్లు బోరు నీళ్లు పరీక్షించి చెప్పాలి. ఫుల్ లోడ్ మీద ఈ టవర్ గంటకి ఇంచుమించు 700 లీటర్లు ఆవిరి చేస్తుంది, మూడింతల దగ్గర నిలపాలంటే ఇంకో 350 లీటర్లు బ్లీడ్‌లో వదలాలి. "నీళ్లు వృథా" అని హెల్పరు బ్లీడ్ వాల్వు కట్టేస్తే రెండు నెలల్లో కండెన్సర్ తేడా పైకెక్కడం మొదలవుతుంది. టవర్ చుట్టూ ఎగిరే తుంపర ఆసుపత్రి కిటికీలవైపు పోతోందా అన్నది కూడా ఇక్కడే చూడండి. క్రిములున్న తుంపర పీల్చిన రోగికి న్యుమోనియా రావచ్చు, కాబట్టి బయోసైడ్ వేసిన తేదీలు రాయడం తప్పనిసరి.

ఇంకొకటి. ఇక్కడ సముద్రం దగ్గర. గాలిలో తేమ వల్ల వెట్ బల్బ్, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే ఉష్ణోగ్రత, 28 ఉన్న రోజున టవర్ నుంచి 31, 32 కంటే చల్లటి నీళ్లు ఆశించకూడదు. అది తెలియక ఫ్యాను బెల్టు బిగించి బిగించి బేరింగు పోగొట్టుకుంటారు.

ఆరో సెషన్: కరెంటు పోయిన రోజు

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఇటు గజపతి జిల్లాని ముంచింది. అక్టోబర్ లోపల ఈ సెషన్ అయిపోవాలి.

తుపాను హెచ్చరిక వచ్చాక టవర్ ఫ్యాన్లు ఆపి తాళం వేయడం, టెర్రస్ మీద వదులుగా ఉన్న లూవర్లు, ఇన్సులేషన్ రేకులు కట్టడం, తగ్గిన నీళ్లు భర్తీ చేసే మేకప్ ట్యాంకులు నింపడం నేర్పాలి. డీజీ మీద ఏది నడవాలో, ఏది ఆగాలో ముందే రాసి ఉంచాలి. ఆపరేషన్ థియేటర్ ఏహెచ్‌యూ నడుస్తుంది, లాబీది ఆగుతుంది. కరెంటు తిరిగొచ్చాక చిల్లర్ దగ్గరికి పరిగెత్తకుండా ముందు ఒక పంపుని క్షణం తిప్పి బాణం గుర్తు వైపే తిరుగుతోందో లేదో చూడాలి. తర్వాత ఆయిల్ హీటర్ ఎన్ని గంటలుగా ఆఫ్‌లో ఉందో లెక్క చూసుకోవాలి. పైనుంచి డాక్టర్లు ఎంత తొందరపెట్టినా మాన్యువల్ చెప్పిన గంటలు ఆగాల్సిందే. ఆ తొందరని తట్టుకోవడానికి ఆపరేటర్ చేతిలో సంతకమున్న కాగితం ఒకటి ఉండాలి: "హీటర్ గంటలు పూర్తికాకుండా స్టార్ట్ చేయకూడదు" అని మీరు రాసి ఇచ్చింది.

చెక్‌షీట్ ఎలా పెట్టాలి

మార్కులు, శాతాలు వద్దు. నూటికి 85 వచ్చిందంటే వదిలేసిన 15లో ఆయిల్ హీటర్ ఉండొచ్చు. ప్రతి ఐటెం పక్కన మూడు గడులు: చెప్పాడు, చూస్తుండగా చేశాడు, ఒంటరిగా చేశాడు. హెల్పరుకి తాళం-ట్యాగు, స్ట్రైనర్, టీడీఎస్ ఐటెంలలో రెండో గడి చాలు. ఆపరేటరుకి అన్నింటిలో మూడో గడి నిండాలి.

పరీక్ష పెట్టేది నేర్పినవాడు కాకూడదు. మీ సూపర్‌వైజరు పెట్టాలి, కాంట్రాక్టర్ ఇంజినీరు పక్కన చేతులు కట్టుకుని నిలబడాలి. అతను కనుసైగ చేసినా ఆ ఐటెం పోయినట్టే, రెండు రోజుల తర్వాత మళ్లీ. ప్రమాదం జరగబోతుంటే మాత్రం ఎవరైనా ఆపాలి.

అడిగే తీరు ఇలా ఉండాలి.

"గేజు చదువు బాబూ."

"మూడు పాయింట్ ఆరు నాలుగు, మూడు పాయింట్ రెండు ఆరు సార్."

"అయితే ఏంటి?"

ఇక్కడ "నార్మలే సార్" అన్నవాడు పాసవలేదు. లామినేట్ షీటు వైపు తిరిగి చూసినవాడికి ఇంకా చెప్పే అవకాశం ఇవ్వండి. "నీళ్లు తగ్గాయి, పంపు దగ్గర చూస్తా" అన్నవాడు పాస్, వర్గమూలం లెక్క తర్వాత చేసినా ఫర్వాలేదు.

నిజమైన లోపాలు కూడా పెట్టి చూడాలి. ఏవి పెట్టొచ్చో కాంట్రాక్టర్‌తో ముందే రాసుకోండి. ఒక ఏహెచ్‌యూ రిటర్న్ వాల్వు సగం మూయడం, కండెన్సర్ పంపు ఓవర్‌లోడ్ రిలే చేత్తో ట్రిప్ చేయడం, మేకప్ వాల్వు కట్టేయడం లాంటివి చాలు. నడుస్తున్న చిల్లర్‌కి చిల్డ్ వాటర్ వాల్వు మూసి "చూద్దాం ఫ్లో స్విచ్ పనిచేస్తుందో లేదో" అనకండి. స్విచ్ పట్టకపోతే లోపల నీళ్లు గడ్డకట్టి ట్యూబులు పగులుతాయి, అది పరీక్ష ఖర్చు కింద రాసుకునేంత చిన్న విషయం కాదు. ఫ్లో స్విచ్‌ని చిల్లర్ ఆఫ్‌లో ఉండగా, పంపు వేసి, ఆపి, ప్యానెల్ మీద సిగ్నల్ మారుతోందో చూసి తేల్చుకోవచ్చు.

కండెన్సర్ పంపు ట్రిప్ చేసినప్పుడు ఆపరేటర్ ఏం చేస్తాడో జాగ్రత్తగా చూడండి. అలారం పేరూ, వచ్చిన టైమూ రాసుకున్నాడా, స్టాండ్‌బై పంపు వేశాడా, ఎందుకు ట్రిప్పయిందో చూశాకే రీసెట్ చేశాడా. నేరుగా రీసెట్ మీదికి చెయ్యి పోయిందంటే ఆరు సెషన్లలో ఏదో ఒకటి మళ్లీ జరగాలి. ఏదన్నది అతన్నే అడగండి, చాలాసార్లు సరిగ్గా చెబుతారు.

సంతకాల తర్వాత

అందరూ పాసయ్యాక 30వ రోజున, ముందుగా చెప్పకుండా, ఒక్కో షిఫ్టులో మూడేసి ఐటెంలు మళ్లీ చేయించండి. స్టార్టింగ్ ఒకటి, తాళం ఒకటి, గేజు ఒకటి. నైట్ షిఫ్టుని వదలకండి. తర్వాత ఏప్రిల్-మేలో ఫుల్ లోడ్ రీడింగులు తీసేటప్పుడు అవన్నీ ఆపరేటర్ల చేతే తీయించి, లామినేట్ షీటు పక్కన రెండో వరసగా రాయించండి.

మనుషులు మారుతుంటారు. ఆరు నెలలకి నలుగురిలో ఒకరో ఇద్దరో సూరత్‌కో హైదరాబాద్‌కో వెళ్లిపోవచ్చు. అందుకే ప్రతి సెషనూ ఫోన్‌తో వీడియో తీసి, వాల్వు చార్టుతో పాటు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. కొత్తగా చేరినవాడికి వీడియో చూపించి వదిలేయకుండా పైపు వెంట నడక నుంచి మొదలుపెట్టించి, అదే చెక్‌షీట్ నింపాలి. అది పూర్తయ్యేదాకా నైట్ షిఫ్టులో ఒంటరిగా వేయకండి.